సీఆర్ఆర్ 3 శాతానికి దిగింది కదా, బ్యాంకులో డబ్బు లేదంటారెందుకు?

మిర్యాలగూడ మిల్లు (డిసెంబరు 2025)

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర చిన్న రైస్ మిల్లు. వానాకాలం సన్నవడ్ల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. రైతుకు నాలుగు రోజుల్లో డబ్బు చేతికి రాకపోతే వచ్చే పంటకు ఆ ట్రాక్టరు పక్క మిల్లుకు పోతుంది. మాకు 5 కోట్ల క్యాష్ క్రెడిట్ పరిమితి మంజూరై ఉంది. కానీ ఇప్పుడు 2 కోట్ల 25 లక్షలకు మించి తీయనివ్వడం లేదు. బ్రాంచిలో అడిగితే, "పైనుంచి నిధులు బిగించారు, సీఆర్ఆర్, ఎస్‌ఎల్‌ఆర్ నిబంధనలు ఉంటాయి కదండీ" అన్నారు. నేను పేపరులో చదివింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సీఆర్ఆర్ 4 నుంచి 3 శాతానికి దిగింది, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు ఈ నెల మొదట్లో 5.25కు తగ్గింది. అన్నీ తగ్గుతుంటే మా డబ్బు ఎక్కడ ఇరుక్కుంది? తెలిసినవారు చెప్పండి.

గ్రూప్స్ అభ్యర్థి, వనపర్తి

మీ మేనేజరు చెప్పింది అబద్ధం సార్. లెక్క చాలా సులువు. బ్యాంకుకు 100 రూపాయల డిపాజిట్ వస్తే 3 రూపాయలు సీఆర్ఆర్ కింద రిజర్వు బ్యాంకులో పెట్టాలి, 18 రూపాయలు ఎస్‌ఎల్‌ఆర్ కింద ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో పెట్టాలి. మిగిలిన 79 అప్పుగా ఇవ్వవచ్చు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాలుగు విడతల్లో సీఆర్ఆర్ తగ్గించి రెండున్నర లక్షల కోట్లు విడుదల చేశారు. పైగా 3 శాతం సీఆర్ఆర్ అంటే ఒక్కో రూపాయి 33 రూపాయల డిపాజిట్లుగా పెరుగుతుంది. కాబట్టి వ్యవస్థలో డబ్బుకు కొదవ లేదు. మీ బ్రాంచి దాచిపెడుతోంది.

పాలమూరు విశ్రాంత మేనేజరు

నాయనా, బ్రాంచి దేన్నీ దాచలేదు, దాచుకోవడానికి దానికంటూ ఏమీ ఉండదు. సీఆర్ఆర్ ఖాతా మొత్తం బ్యాంకుకు ఒకటే, రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో ఉంటుంది. బ్రాంచి మేనేజరుకు దాని ముఖం కూడా తెలియదు. మేమూ కస్టమరుకు ఇష్టం లేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు పేరే వాడేవాళ్లం. వాళ్లు వచ్చి కాదనరు కదా.

కానీ ఒక కాలంలో ఆ మాట అక్షరాలా నిజం. 1989 జులై నుంచి సీఆర్ఆర్ 15 శాతం, 1990 సెప్టెంబరు నుంచి ఎస్‌ఎల్‌ఆర్ 38.5 శాతం. 1991 మేలో, అప్పటి నుంచి కొత్తగా పెరిగే డిపాజిట్ల మీద మరో 10 శాతం అదనపు సీఆర్ఆర్ వేశారు. అంటే కొత్త డిపాజిట్ 100 రూపాయలు తెస్తే 63 రూపాయల 50 పైసలు అక్కడికక్కడే పోయేవి. మిగిలిన ముప్పై ఆరున్నరలో ప్రాధాన్య రంగాల వాటా తీసేయాలి. అచ్చంపేట, కల్వకుర్తి వైపు వేరుశనగ వ్యాపారులు వచ్చి కూర్చుంటే, లిమిటు ఉన్నా తీయవద్దని బతిమాలిన రోజులవి. నరసింహం కమిటీ ఆ రెండింటినీ దించమన్నది ఊరికే కాదు. ఇప్పుడు 3, 18. ఆ గొంతు నొక్కడం ఇప్పుడు లేదు.

దేవరకొండ నుంచి ముంబయికి

సార్ చెప్పిన చరిత్ర సరైనదే. ఇప్పటి సంగతి నేను చెబుతాను, బ్యాంకు ట్రెజరీలో పనిచేస్తున్నాను. సొంతూరు దేవరకొండ.

ముందు ఒక ఊహ పక్కన పెడదాం. బ్యాంకు 100 డిపాజిట్ తీసుకుని, 21 పక్కన పెట్టి, 79 అప్పుగా ఇచ్చే క్రమం పరీక్ష పుస్తకాల్లోదే. మిల్లు వారికి 20 లక్షలు ఇవ్వాలంటే మేము ఎక్కడినుంచో నోట్ల కట్ట తీయం. వారి ఖాతాలో 20 లక్షలు తీసుకునే వీలు తెరుచుకుంటుంది, అంతే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వారు రైతుకు చెల్లిస్తారు, రైతు ఖాతా వేరే బ్యాంకులో ఉంటుంది. ఆ క్షణాన రిజర్వు బ్యాంకులో ఉన్న మా ఖాతా నుంచి 20 లక్షలు ఆ బ్యాంకు ఖాతాకు వెళ్తాయి. రైతు దాన్ని నోట్లుగా తీసుకుంటే మొత్తం బ్యాంకింగ్ వ్యవస్థ నుంచే బయటికి పోతాయి. పంట కోతల కాలంలో మాకు తగిలే దెబ్బ ఇదే.

చిన్న వాణిజ్య బ్యాంకు ఒకటి ఊహించుకోండి. డిపాజిట్లు, ఇతర బాధ్యతలు కలిపి 1000 కోట్లు. 3 శాతం అంటే 30 కోట్లు. కానీ రోజూ సరిగ్గా 30 ఉండాలని లేదు. పక్షం మొత్తానికి సగటు 30 రావాలి, ఏ రోజూ అందులో 90 శాతానికి, అంటే 27 కోట్లకు తగ్గకూడదు. 15 రోజుల పక్షం అనుకుంటే మొత్తం 450 కావాలి. మొదటి పది రోజులు 28 చొప్పున నడిపితే 280 అవుతుంది. మిగిలిన ఐదు రోజుల్లో 170 పూడ్చాలి, అంటే రోజుకు 34. ఈ పక్షం చివరి ఐదు రోజులే మా తలనొప్పి. పన్నుల చెల్లింపులు కూడా నెల మధ్యలోనే పడతాయి. ముందస్తు పన్ను, జీఎస్టీ కట్టినప్పుడు డబ్బు ప్రభుత్వ ఖాతాకు పోతుంది, ఆ ఖాతా కూడా రిజర్వు బ్యాంకులోనే ఉంది కాబట్టి అన్ని బ్యాంకుల నిల్వా ఒకేసారి తగ్గుతుంది.

సరిగ్గా ఆ సమయంలో మా మిల్లర్లందరూ కలిసి 20 కోట్లు తీశారనుకోండి. 34 ఉండాల్సిన నిల్వ 14 అయింది. సాయంత్రంలోగా 20 కోట్లు తేవాలి. లేకపోతే లోటు మీద, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటు 5.50కు 3 శాతం కలిపి జరిమానా వడ్డీ. ఇప్పుడది 8.5 అవుతుంది, లోటు కొనసాగితే 10.5. డబ్బు కన్నా ఆ చెడ్డపేరుకే భయపడతాం.

నారాయణపేట టీచరు

రెపో ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నేను 2017లో ఇంటి అప్పు తీసుకున్నాను. ఫిబ్రవరి నుంచి రెపో 6.5 నుంచి 5.25కు తగ్గిందని అందరూ పండగ చేసుకుంటున్నారు. నా నెలవారీ వాయిదాలో ఒక్క రూపాయి తేడా లేదు. రెపో తగ్గితే ఆ తగ్గింపు మాకు ఇవ్వకుండా బ్యాంకులు మింగుతున్నట్టే కదా?

దేవరకొండ నుంచి ముంబయికి

టీచరుగారూ, 2019 అక్టోబరు తర్వాత ఇచ్చిన చలన వడ్డీ ఇంటి అప్పులకే బయటి ప్రమాణంతో ముడిపెట్టడం తప్పనిసరి అయింది. చాలా బ్యాంకులు దానికి రెపోనే ఎంచుకున్నాయి. మీది 2017 అప్పు, కాబట్టి బహుశా బ్యాంకు సొంత నిధుల ఖర్చు మీద లెక్కించే పాత రేటు మీద ఉంటుంది. డిపాజిట్ల మీద మేమిచ్చే వడ్డీ తగ్గితేనే అది మెల్లగా దిగుతుంది. మీ అప్పు పత్రంలో ఏ రేటు అని ఉందో చూడండి, కొత్త రేటుకు మారడానికి దరఖాస్తు ఇవ్వవచ్చు, కొద్దిగా రుసుము ఉంటుంది. ఇంకొకటి, రేటు తగ్గినా చాలాసార్లు వాయిదా మొత్తం అలాగే ఉంచి, కట్టాల్సిన నెలలు తగ్గిస్తారు. ఖాతా వివరాల్లో మిగిలిన వాయిదాల సంఖ్య చూడండి.

గ్రూప్స్ అభ్యర్థి, వనపర్తి

మేడమ్, 20 కోట్లు తేవాలన్నారు. రెపో ఉన్నదే అందుకు కదా? 5.25కు రిజర్వు బ్యాంకు దగ్గర తీసుకుని, మిల్లరుకు 9 లేదా 10 శాతానికి ఇస్తే చాలు. అప్పుడు ఏ పరిమితీ లేనట్టే. మరి నేను చెప్పిన 79 ఎక్కడ తప్పు?

దేవరకొండ నుంచి ముంబయికి

రెండు ప్రశ్నలు కలిపేశారు. విడివిడిగా చెబుతాను.

రెపో కుళాయి కాదు. 5.25కు ఎవరు ఎంత అడిగితే అంత ఇవ్వరు. రిజర్వు బ్యాంకు వ్యవస్థలో లోటు ఉందనుకుంటే వేలం పెడుతుంది. ఎంత మొత్తమో, ఎన్ని రోజులకో తనే చెబుతుంది, బ్యాంకులు రేటు పాడుకుంటాయి. అడిగినప్పుడల్లా దొరికేది ఎంఎస్‌ఎఫ్, దాని రేటు 5.50. మిగులు ఉంటే దాచుకునే ఎస్‌డీఎఫ్ మీద 5.00 ఇస్తారు. మా రోజువారీ బజారు రేటు ఈ రెండు గోడల మధ్యే తిరుగుతుంది. 50 కోట్లు ఒక రాత్రికి 5.50 మీద తెస్తే సుమారు 75,342 రూపాయలు ఖర్చు. అదే 50 కోట్లు మిగిలిపోయి ఎస్‌డీఎఫ్‌లో పెడితే 68,493 వస్తాయి. సీఆర్ఆర్ ఖాతాలో పడి ఉన్న డబ్బుకు మాత్రం 2007 నుంచి పైసా వడ్డీ లేదు. అందుకే సీఆర్ఆర్ మాకు నేరుగా ఖర్చు. డిపాజిట్ మీద 6 శాతం ఇస్తూ అందులో 3 శాతం ఉత్తగా పెడితే, వాడుకోగల రూపాయి అసలు ఖరీదు 6.19 అవుతుంది. సీఆర్ఆర్ 4 ఉన్నప్పుడు 6.25. సార్ చెప్పిన 15 శాతం కాలపు లెక్క వేసుకుంటే 7 దాటుతుంది.

ఇక రెండోది. రెపో అయినా, ఎంఎస్‌ఎఫ్ అయినా ఉత్త చేతులతో ఇవ్వరు. ప్రభుత్వ బాండ్లు ఇచ్చి, తిరిగి కొంటామని ఒప్పుకుని, కొంత మార్జిన్ పోగా డబ్బు తీసుకోవాలి. ఇక్కడ ఎస్‌ఎల్‌ఆర్ వస్తుంది. మన 1000 కోట్ల బ్యాంకు 180 కోట్లు ఎస్‌ఎల్‌ఆర్‌గా ఉంచాలి. అవి రిజర్వు బ్యాంకుకు ఇచ్చేసే డబ్బు కాదు, మన పుస్తకాల్లోనే ఉండే బాండ్లు, నగదు లేదా బంగారం. బాండ్లకు వడ్డీ వస్తుంది. షరతు ఏమిటంటే ఆ 180 ఎక్కడా తాకట్టులో ఉండకూడదు. బ్యాంకు దగ్గర 250 కోట్ల బాండ్లు ఉంటే, 70 మాత్రమే రెపోకు పనికొస్తాయి. ఎంఎస్‌ఎఫ్‌లో ఒక మినహాయింపు ఉంది, 180లో నుంచి కూడా బాధ్యతల్లో 2 శాతం దాకా, అంటే 20 కోట్లు తీయవచ్చు. కాబట్టి మీరు అడిగిన "పరిమితి లేనట్టే" అన్నది ఈ 70, ఆ 20 దాటితే ఆగిపోతుంది. రాత్రికి రాత్రి తెచ్చిన డబ్బుతో ఏడాది పొడవునా నడిచే అప్పు మోయడం వేరే ప్రమాదం.

జడ్చర్ల పత్తి వ్యాపారి

ఇంత లెక్క అవసరమా? ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోవడం రిజర్వు బ్యాంకుకు అలవాటే. 2023లో 2000 నోట్లు వెనక్కి తీసుకున్నారు, జనం బ్యాంకుల్లో వేశారు, బ్యాంకులు నిండాయి. వెంటనే ఆ పెరిగిన డిపాజిట్ల మీద 10 శాతం అదనంగా సీఆర్ఆర్ పెట్టమన్నారు. బాదేపల్లి మార్కెట్లో మేము పత్తి కొనే సీజనుకు ముందు ఇది జరిగింది. ఇప్పుడు 3 అన్నారు, రేపు 4 అనరని ఎవరు హామీ ఇస్తారు?

పాలమూరు విశ్రాంత మేనేజరు

హామీ ఎవరూ ఇవ్వరు. కానీ మీరు సగమే చెప్పారు. ఆ అదనపు సీఆర్ఆర్ 2023 ఆగస్టులో వచ్చింది, మే 19 నుంచి జులై 28 మధ్య పెరిగిన బాధ్యతల మీద మాత్రమే. సెప్టెంబరులో సగం, అక్టోబరు 7 నాటికి మిగతా సగం తిరిగి ఇచ్చేశారు. మీ పత్తి బండి ఊపందుకునే నాటికి అది లేదు. పెద్ద నోట్ల రద్దు తర్వాత 2016 నవంబరులో వేసినది దీనికన్నా గట్టిది, అది ఏకంగా నూటికి నూరు శాతం. అదీ రెండు వారాల్లో పోయింది. ఊహించని వరద వస్తే తాత్కాలికంగా గేట్లు వేశారు, నాగార్జునసాగర్ కింద ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

జడ్చర్ల పత్తి వ్యాపారి

గేటు వేసినప్పుడు ఎండేది కింది పొలమే కదా. సరే, నా అనుమానం అలాగే ఉంచుకుంటాను.

మిర్యాలగూడ మిల్లు

చాలా తెలిసింది, సంతోషం. కానీ నా ప్రశ్న మిగిలే ఉంది. మేడమ్‌గారి లెక్క ప్రకారం నా 5 కోట్లు బ్యాంకుకు పెద్ద విషయం కాదు. మరి 2 కోట్ల 25 లక్షల దగ్గర ఆపింది ఎవరు?

పాలమూరు విశ్రాంత మేనేజరు

ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు ఒక అనుమానం. నిధుల కొరత వల్ల ఆపితే మొత్తం గుండ్రంగా ఉంటుంది, రెండు కోట్లో రెండున్నరో అంటారు. పాతిక లక్షల దగ్గర తెగిందంటే ఎవరో లెక్క వేశారు. నవంబరు నెలాఖరుకు మీరు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఏముందో చెప్పండి. మొత్తం నిల్వ ఎంత, అందులో ప్రభుత్వానికి మరాడించి ఇవ్వాల్సిన వడ్లు ఎంత, రైతులకూ కమీషన్ ఏజెంట్లకూ ఇవ్వాల్సిన బాకీ ఎంత?

మిర్యాలగూడ మిల్లు

మిల్లులో మొత్తం 7 కోట్ల సరుకు ఉంది. అందులో 3 కోట్ల విలువైనవి పౌరసరఫరాల వారివి, బియ్యం చేసి ఇవ్వాలి. సొంతవి 4 కోట్లు. బాకీలు కోటి.

పాలమూరు విశ్రాంత మేనేజరు

మీ సమాధానం అందులోనే ఉంది. ప్రభుత్వం వడ్లు మీ షెడ్డులో ఉన్నా మీవి కావు, వాటి మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. మిగిలింది 4 కోట్లు. అందులో డబ్బు చెల్లించని కోటి సరుకు తీసేస్తే 3 కోట్లు. 25 శాతం మార్జిన్ మీ సొంత డబ్బు. మూడు కోట్లలో 75 శాతం ఎంత? 2 కోట్ల 25 లక్షలు. ఇది డ్రాయింగ్ పవర్. 5 కోట్లు మంజూరైన గరిష్ఠం మాత్రమే, ఏ రోజైనా తీయగలిగేది ఈ లెక్క దాకానే. సీఆర్ఆర్ సున్నా చేసినా మీకు ఒక్క రూపాయి పెరగదు.

ఇంకో చిక్కు కూడా చెబుతాను. ఇప్పుడు గేటు బయట ఉన్న కోటి రూపాయల వడ్లు అరువు మీద దించుకుంటే నిల్వ కోటి పెరుగుతుంది, బాకీ కూడా కోటి పెరుగుతుంది. లెక్కలో సున్నా. అదే కోటికి పాతిక లక్షలు మీవి పెట్టి, మిగతా డెబ్బై ఐదు ఖాతా నుంచి తీసి రైతులకు చెల్లిస్తే, డ్రాయింగ్ పవర్ కూడా డెబ్బై ఐదు లక్షలు పెరుగుతుంది. కాబట్టి నెలాఖరు దాకా ఆగకుండా మధ్యలోనే కొత్త స్టేట్‌మెంట్ ఇవ్వండి. చాలామంది మిల్లర్లు నవంబరు కాగితంతో డిసెంబరు కోతలు నెట్టాలని చూస్తారు.

మిర్యాలగూడ మిల్లు

ముందు చెల్లిస్తేగానీ పరిమితి పెరగదు, పరిమితి పెరిగితేగానీ చెల్లించలేను. ఆ పాతిక లక్షలే నా దగ్గర లేవు. పైగా మా వీధి చివర మిల్లుకు ఇదే బ్యాంకు నాలుగు కోట్ల దాకా ఇస్తోంది. ఆయన దగ్గర కూడా ప్రభుత్వ వడ్లు ఉన్నాయి. ఆయన స్టేట్‌మెంట్‌లో ఏం రాస్తున్నారో మరి.

పాలమూరు విశ్రాంత మేనేజరు

ఆయన ప్రభుత్వ వడ్లను కూడా తనవిగా చూపిస్తుంటే, ఒకరోజు బ్యాంకు తనిఖీకీ, పౌరసరఫరాల తనిఖీకీ ఒకే బస్తాలు రెండు లెక్కల్లో కనిపిస్తాయి. అది మీరు అనుసరించే దారి కాదు.

గ్రూప్స్ అభ్యర్థి, వనపర్తి

మిల్లు సంగతి వేరు అని ఒప్పుకుంటాను. కానీ మూల విషయం వదలను. బ్యాంకులకు ముందే అప్పులిచ్చి తర్వాత నిల్వ వెతుక్కునే వీలుంటే, సీఆర్ఆర్ తగ్గింపుకు ఇంత చర్చ ఎందుకు? రిజర్వు బ్యాంకు కూడా అప్పులు పెరుగుతాయనే కదా తగ్గించింది?

దేవరకొండ నుంచి ముంబయికి

తగ్గింపు మా 1000 కోట్ల బ్యాంకుకు 10 కోట్లు ఇచ్చింది. దాని మీద వడ్డీ రావడం మొదలైంది, పక్షం చివర పరుగులు తగ్గాయి. 2025 జనవరిలో వ్యవస్థ లోటు 3 లక్షల కోట్లు దాటినప్పుడు మా గది ఎలా ఉండేదో నాకు తెలుసు, ఇప్పుడు అలా లేదు. కానీ ఆ 10 కోట్లు తప్పకుండా అప్పులుగా మారతాయని ఎవరూ చెప్పలేరు. తీసుకునేవాడు కావాలి, అతని డ్రాయింగ్ పవర్ కావాలి, ప్రతి అప్పుకూ బ్యాంకు సొంత మూలధనం పక్కన పెట్టాలి. ఎస్‌ఎల్‌ఆర్ అయితే ప్రస్తుతం మమ్మల్ని ఆపడమే లేదు. చాలా బ్యాంకుల దగ్గర 18 కన్నా బాగా ఎక్కువ బాండ్లు ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయకుండా కాదు, కష్టకాలంలో డిపాజిట్లు పోతే నెల రోజులు తట్టుకునేటంత నాణ్యమైన ఆస్తి ఉంచాలని వేరే నిబంధన ఉంది. అందుకే నేను చెప్పిన ఆ 70 కోట్ల మిగులు కూడా నిజానికి పూర్తిగా స్వేచ్ఛ కాదు.

పాలమూరు విశ్రాంత మేనేజరు

ఇక్కడ మాత్రం అమ్మాయితో పూర్తిగా ఏకీభవించను. నిల్వ తర్వాత వెతుక్కోవచ్చన్నది పెద్ద బ్యాంకు ముంబయి గది మాట. డిపాజిట్లు రాని ఊరి బ్యాంకుకు అది కుదరదు. డిపాజిట్ల కోసం బ్యాంకులు ఇవాళ కూడా కొట్టుకుంటున్నాయంటే కారణం ఏమిటి? నిల్వ అవసరం లేకపోతే డిపాజిట్ మేళాలు ఎందుకు?

దేవరకొండ నుంచి ముంబయికి

అది నేనూ కాదనడం లేదు సార్. ఒక రోజుకు నిల్వ ధర ప్రశ్న, ఒక ఏడాదికి అది డిపాజిట్ల ప్రశ్న. గీత ఎక్కడ గీయాలో మా ఆఫీసులోనే ఇద్దరు ఒకలా చెప్పరు.

నారాయణపేట టీచరు

ఖాతా వివరాలు చూశాను. నాది పాత రేటే. మిగిలిన వాయిదాల సంఖ్య కూడా తగ్గలేదు. సోమవారం దరఖాస్తు ఇస్తాను.

మిర్యాలగూడ మిల్లు

కొత్త స్టేట్‌మెంట్ రేపే ఇస్తున్నాను. మార్జిన్ కోసం ఇంకో దారి అడుగుతాను. మా పాత బియ్యం కొంత రిజిస్టరైన గోదాములో పెట్టి, ఎలక్ట్రానిక్ గోదాము రసీదు మీద విడిగా అప్పు తీసుకోవచ్చని పక్కూరి మిల్లరు అన్నారు. అదే సరుకు క్యాష్ క్రెడిట్‌కు హామీగా ఉన్నప్పుడు బ్యాంకు దాన్ని విడిపించి ఇస్తుందా? చేసినవారు ఎవరైనా ఉంటే రాయండి.